ఆఫర్ లెటర్ కలర్ ప్రింటు తీసే ముందు

సంపాదకులకు నమస్కారం.

నరసరావుపేటలో ఇంజినీరింగ్ కాలేజీల బస్సులు ఆగే రోడ్డులో 13 ఏళ్లుగా జిరాక్సు షాపు, నెట్ సెంటరు నడుపుతున్నాను. జూన్ వచ్చిందంటే పాసైన పిల్లలు రెజ్యూమే ప్రింట్ల కోసం వస్తారు, ఆ తర్వాత కొందరు ఆఫర్ లెటర్ పట్టుకుని వస్తారు. నకిలీ ఉద్యోగాల మెసేజ్‌ల గురించి పోలీసులు, కాలేజీలు, మీ పత్రిక కూడా ఈమధ్య తరచుగా హెచ్చరికలు ఇస్తున్నారు. వాటి మీద నాకొక ఫిర్యాదు ఉంది. అవి చెప్పేది తప్పని కాదు. మోసపోయే పిల్లాడికి అక్కరకొచ్చే మాట వాటిలో దొరకడం లేదు.

దాదాపు అన్నిటిలోనూ ఒకటే వాక్యం ఉంటుంది: 'ఉద్యోగం ఇస్తామని ఫీజు అడిగితే మోసమే.' నిజమే. కానీ వాళ్లు ఫీజు అనే మాట వాడరు. పైగా మన పిల్లలకు ఉద్యోగం కోసం డబ్బు కట్టడం కొత్తేమీ కాదు. బ్యాంకు పరీక్షకు, గ్రూప్స్‌కు దరఖాస్తు ఫీజు నా షాపులోనే కడతారు. ఆ ఫీజు అప్లికేషనుతో పాటు, అధికారిక వెబ్‌సైటులో, నోటిఫికేషన్‌లో రాసినంతే కడతాం. ఎంపికయ్యాక కట్టమనేది వేరే సంగతి. ఈ తేడాను ఏ పోస్టరూ చెప్పదు.

మొన్నటి సంగతి చెబుతాను. బీటెక్ అయి ఏడాది దాటిన కుర్రాడు, పేరెందుకు, మధ్యాహ్నం ఫోను ఊపుకుంటూ వచ్చాడు. "అంకుల్, కలర్ ప్రింటు, మంచి మందం పేపరు మీద తీయండి. ఇంట్లో చూపించాలి" అన్నాడు. అందరికీ తెలిసిన ఒక పెద్ద ఐటీ కంపెనీ పేరుతో ఆఫర్ లెటరు. జీతం 4 లక్షల 20 వేలు, జాయినింగ్ తేదీ, హైదరాబాద్ ఆఫీసు అడ్రసు, కింద గుండ్రటి స్టాంపు. స్క్రీన్ మీద పెద్దది చేస్తే లోగో అంచులు పుచ్చిపోయి కనబడ్డాయి, కుర్రాడి పేరున్న లైను ఒక ఫాంటులో, మిగతా లెటరంతా మరో ఫాంటులో ఉంది. అంటే ఎవరిదో అసలు లెటరు తీసుకుని పేరు మార్చారన్నమాట. అయితే ఇది చూసి తేల్చేయొచ్చని చెప్పను. ఈమధ్య వచ్చేవాటిలో కొన్ని నాకే అసలువిలా కనిపిస్తున్నాయి. లెటరు ముఖం చూసి తీర్పు చెప్పడం మానేశాను.

ఎలా జరిగిందని అడిగాను. జాబ్ సైటులో రెజ్యూమే పెట్టాడు. నాలుగు రోజులకు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, డీపీ కంపెనీ లోగో. మర్నాడు పది నిమిషాల ఫోన్ ఇంటర్వ్యూ. ప్రాజెక్టు గురించి రెండు ప్రశ్నలు, 'రీలొకేట్ అవుతారా' అని ఒకటి. సాయంత్రానికి సెలెక్ట్ అయ్యారని మెయిల్. సర్టిఫికెట్లు, ఆధార్, పాన్ పంపించాడు. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు 1,999 రూపాయలు, మొదటి జీతంతో తిరిగి ఇస్తామన్నారు. కట్టాడు. మర్నాడు పొద్దున లాప్‌టాప్ సెక్యూరిటీ డిపాజిట్ 8,500, అదీ రిఫండబులే. అక్కయ్య దగ్గర తీసుకుని కట్టాడు. నా షాపుకు వచ్చేసరికి మూడోది, ట్రైనింగ్ బాండ్ కింద 14,800, సాయంత్రం 5 లోపు కట్టాలని మెసేజ్ వచ్చి ఉంది. కట్టకపోతే సీటు వెయిటింగ్ లిస్టుకు వెళ్తుందట, ముందు కట్టినవి కూడా రావట.

మెలికంతా ఆ చివరి మాటలో ఉంది. మొదటే 25 వేలు అడిగితే ఎవడైనా పారిపోతాడు. 1,999 దగ్గర అనుమానం వచ్చినా, పోతే పోయిందిలే అనిపిస్తుంది. ఒకసారి కట్టాక రెండోది ఉద్యోగం కోసం కట్టడం కాదు, మొదటిది పోగొట్టుకోకుండా ఉండటానికి కట్టడం. కూడుకుంటే 10,499 అయ్యాయి, ఇంకా పెరిగేవి. అసలు కంపెనీలు వెరిఫికేషను ఏజెన్సీతో చేయించుకుంటే ఆ ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు. చేరినవాడికి లాప్‌టాప్ ఇవ్వడానికి వాడి అక్కయ్య డబ్బులు అడగరు.

ఇక నా అసలు ఫిర్యాదు. హెచ్చరికల్లో తరచుగా కనిపించే ఇంకో సలహా: 'కంపెనీ నిజంగా ఉందో లేదో కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో చూసుకోండి.' ఈ కుర్రాడు చూసుకున్నాడు! లెటరు మీద ఉన్న రిజిస్ట్రేషన్ నంబరు సరిగ్గా సరిపోయింది, దాంతో ఇంకా గట్టిగా నమ్మాడు. సరిపోకుండా ఎలా ఉంటుంది? వాళ్లు ఎత్తుకొచ్చింది నిజమైన కంపెనీ పేరునే కదా. కంపెనీ ఉందా లేదా అని వెతికి లాభం లేదు. ఈ మెయిల్ ఆ కంపెనీ పంపిందా లేదా అన్నది తేల్చుకోవాలి. ఈ రెండూ ఒకటి కావు. సగం హెచ్చరికలు మొదటిదాని దగ్గరే ఆగిపోతున్నాయి.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఫోనులో మెయిల్ తెరిస్తే పైన 'HR Team' అని పేరు మాత్రమే కనిపిస్తుంది. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. దాని పక్కన చిన్న బాణం నొక్కితే అసలు అడ్రసు వస్తుంది. @ గుర్తు తర్వాత ఉన్నదాన్ని కుడి చివర నుంచి వెనక్కి చదవాలి. ఉదాహరణకు కంపెనీ సైటు `companyname.com` అనుకుందాం. మెయిల్ `companyname-hr.com` నుంచి వస్తే అది వేరే సైటు. మధ్యలో గీత పెట్టి ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. `companyname.com.hr-desk.in` అని ఉంటే చూడగానే కంపెనీ పేరే కనిపిస్తుంది, కానీ అది `hr-desk.in` వాళ్లది. కుర్రాడికి వచ్చినది గీత పెట్టిన రకం. అడ్రసు సరిగ్గానే ఉన్నట్టున్నా అక్కడితో ఆగకూడదు. మెయిల్‌లో ఇచ్చిన లింకు నొక్కకుండా, కంపెనీ సైటు అడ్రసు మన చేత్తో టైపు చేసి కెరీర్స్ పేజీకి వెళ్లాలి. పెద్ద కంపెనీల్లో అభ్యర్థికి ఒక లాగిన్ ఉంటుంది, ఆఫరు అందులో కనబడుతుంది. అసలు అప్లై చేయని కంపెనీ నుంచి ఆఫరు వస్తే ఆ లాగినే ఉండదు. ఇక ఫోను చేయాలంటే లెటరులోని నంబరుకు కాదు, సైటులో ఉన్న నంబరుకు చేయాలి.

ఇంకొక గుర్తు యూపీఐలోనే ఉంటుంది. డబ్బు పంపే ముందు స్క్రీన్ మీద బ్యాంకులో ఉన్న పేరు పడుతుంది. కుర్రాడు కట్టిన రెండుసార్లూ రెండు వేర్వేరు మనుషుల పేర్లు వచ్చాయి. 'అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ స్టాఫ్' అని చెబితే సరేననుకున్నాడు. వేల మందికి జీతాలిచ్చే కంపెనీ ఒక మనిషి సొంత ఖాతాలో డిపాజిట్ తీసుకోదు. దీనికీ ఒక హద్దుంది. ఏదో 'ఎంటర్‌ప్రైజెస్' పేరుతో తెరిచిన అద్దె ఖాతాలు కూడా ఉంటాయి కాబట్టి, వ్యాపారం పేరు కనబడినంత మాత్రాన నమ్మడానికి లేదు.

అప్పటికి రెండో డబ్బు పంపి రెండు గంటలైంది. షాపులో నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. పోస్టర్ల మీద ఈ నంబరు ఉంటుంది, కానీ ఫోనెత్తాక ఏం అడుగుతారో ఎవరూ రాయరు. మన బ్యాంకు పేరు, ఖాతా, ఎంత పోయింది, ఏ సమయానికి, యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల రిఫరెన్సు నంబరు, ఎదుటివాడి యూపీఐ ఐడీ, ఫోను నంబరు అడుగుతారు. మావాడు కంగారులో ఆ 12 అంకెలు వెతకడానికే ఏడెనిమిది నిమిషాలు పట్టింది. వాళ్లు ఆ వివరాలు బ్యాంకులకు పంపితే, డబ్బు ఇంకా ఏ ఖాతాలో ఉంటే అక్కడ ఆపుతారు. ఒక ఖాతా నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి ఏటీఎంకు వెళ్లడానికి ఎక్కువసేపు పట్టదు కాబట్టే గంటలోపు చేయమంటారు. తర్వాత `cybercrime.gov.in`లో ఫిర్యాదు పూర్తి చేశాం. 8,500లో 3,200 ఆగిందని తెలిసింది, చేతికింకా రాలేదు. మొదటి రోజు 1,999 పూర్తిగా పోయింది.

ఇక్కడ ఒక మాట. నేను ఫోను అందుకోబోతుంటే కుర్రాడు ఆ వాట్సాప్ చాట్ డిలీట్ చేయబోయాడు. "నాన్న చూస్తే చంపేస్తాడు అంకుల్" అన్నాడు. ఆపాను. ఆ చాట్, ఆ నంబరు, ఆ మెయిలే ఫిర్యాదుకు ఆధారం. సిగ్గుతో చెరిపేసుకునే పిల్లలు ఎంతమందో! వారం తర్వాత వాడికే ఇంకో ఫోను వచ్చింది. సైబర్ సెల్ నుంచట, పోయిన డబ్బు తిప్పి ఇప్పిస్తారట, ప్రాసెసింగ్‌కు 950 పంపాలట. ఈసారి నా దగ్గరకు నవ్వుతూనే వచ్చాడు.

డబ్బు సంగతి అలా ఉంటే, ఆధార్, పాన్ వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. తన పేరు మీద కొత్త సిమ్‌లు ఏమైనా ఉన్నాయేమో `sancharsaathi.gov.in`లో చూసుకోమన్నాను. ప్రస్తుతానికి రెండే ఉన్నాయి, రెండూ వాడివే. నెలకోసారి చూస్తానన్నాడు, చూస్తాడో లేదో.

కాలేజీలను ఒకటి అడగాలి. ప్లేస్‌మెంట్ సెల్ ఫైనలియర్ వాళ్లకే పనిచేస్తుంది. మోసపోయేది మాత్రం పాసై బయటికొచ్చి ఏడాదిగా ఖాళీగా ఉన్నవాళ్లు. పాత విద్యార్థి లెటరు పంపితే కంపెనీ హెచ్ఆర్‌కు ఒక మెయిలు పెట్టి కనుక్కోవడం ప్లేస్‌మెంట్ ఆఫీసరుకు ఎంతసేపు పని? వాళ్ల దగ్గర ఆ అడ్రసులు ఉంటాయి, కుర్రాడి దగ్గర ఉండవు. పోలీసు పోస్టర్లలో కూడా ఖాకీ చొక్కా బొమ్మ బదులు నిజంగా వచ్చిన మెసేజ్ ఫొటో, నంబరు చెరిపేసి, వేయవచ్చు.

మీకూ ఒక మనవి, కోపగించుకోకండి. ఆదివారం మీ క్లాసిఫైడ్స్‌లో 'డేటా ఎంట్రీ, ఇంటి నుంచే, నెలకు 30,000' అంటూ ఫోను నంబరు తప్ప ఊరూ పేరూ లేని ప్రకటనలు వస్తున్నాయి. కింద సన్నటి అక్షరాల్లో 'పాఠకులు స్వయంగా విచారించుకోవాలి' అని వేస్తారు. ఆ జాగాలోనే, అంతకన్నా కాస్త పెద్ద అక్షరాల్లో 1930, ఫోను చేసేటప్పుడు దగ్గర పెట్టుకోవలసిన వివరాలు వేయండి. సంస్థ పేరు, చిరునామా ఇవ్వని ఉద్యోగ ప్రకటనను తీసుకోకపోతే ఇంకా మంచిది. నా షాపులో ప్రింటరు పక్కన ఇవే వివరాలు ఒక కాగితం మీద తెలుగులో రాసి అతికించాను. కావాలంటే ఆ కాగితం మీకు పంపిస్తాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా