టీచర్ పోస్టుకి మెయిల్: శనివారంలోగా డ్రాఫ్ట్ పంపండి

బీఈడీ మిత్రులందరికీ నమస్కారం. మధురవాడ, గాజువాక స్కూళ్లకి అప్లై చేసేవాళ్లు శనివారం రాత్రికల్లా మీ మెయిల్ డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టండి. ఆదివారం పదింటికి ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో కూర్చుని సరిచేద్దాం.

సబ్జెక్ట్ లైన్‌లోనే పోస్టు, మెథడాలజీ, అనుభవం రాయండి: "గణితం టీచర్ పోస్టు – బీఈడీ, టెట్, 4 ఏళ్లు". ఏ తరగతులకి, ఏ మీడియంలో చెప్పారో మొదటి రెండు వాక్యాల్లో వచ్చేయాలి.

అసలు కష్టం రిజల్ట్స్ దగ్గరే. "మంచి ఫలితాలు సాధించాను" అంటే హెచ్‌ఎంకి ఏమీ తెలీదు. ఇలా రాయండి: "పదో తరగతిలో 42 మంది. క్వార్టర్లీలో 11 మందికి 35 రాలేదు. వాళ్లకి సాయంత్రం విడిగా లెక్కలు చేయించాను. పబ్లిక్‌లో 39 మంది పాసయ్యారు." తప్పిన ముగ్గురినీ దాచకండి, ఇంటర్వ్యూలో ఎలాగూ అడుగుతారు. అంకెలు మాత్రం మీ స్కూల్ మార్కుల రిజిస్టర్‌లో ఉన్నవే వేయండి.

సర్టిఫికెట్లన్నీ ఒకే పీడీఎఫ్‌లో: డిగ్రీ, బీఈడీ, టెట్ మార్కుల మెమో, ఎక్స్‌పీరియన్స్ లెటర్. ఫోన్‌తో తీస్తే హాల్‌టికెట్ నంబర్ చదవగలుగుతున్నామో లేదో జూమ్ చేసి చూడండి. ఫైల్‌కి మీ పేరు, సబ్జెక్టు పెట్టండి.

పంపేముందు అటాచ్ అయిందో లేదో చూసుకోండి. ఆదివారం వచ్చేవాళ్లు ఈ రాత్రికే చెప్పండి, ప్లీజ్.