డిపాజిట్‌లో అసలు నిజంగా భద్రంగా ఉందా?

సంపాదకులు గారికి,

అయ్యా,

రిజర్వ్ బ్యాంకు రెపో రేటు తగ్గించినప్పుడల్లా డిపాజిటర్లకు దెబ్బ అని వార్తలు వస్తాయి. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు ఆ రేటు ఒక శాతం తగ్గినప్పుడూ అదే చదివాం. పోర్టు, స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, డాక్‌యార్డుల్లో చేసి రిటైరైనవాళ్లు ఇంతమంది ఉన్న విశాఖలో ఆ ఆందోళన సహజమే. అయితే బ్యాంకు కౌంటర్లో ఏళ్ల తరబడి డిపాజిట్లు కట్టించుకున్నవాడిగా నా బాధ వేరు. వడ్డీ పావు శాతం తగ్గితే పట్టించుకున్నంతగా, ఆ వడ్డీని ధరలు ఎంత తినేస్తున్నాయో మనం పట్టించుకోవడం లేదు. నెలనెలా వడ్డీ తీసుకుని ఇల్లు గడుపుకునే పెద్దవాళ్లకు జరిగే నష్టమైతే ఏ పాస్‌బుక్కులోనూ కనబడదు.

బీచ్ రోడ్డులో పొద్దున నడకకు వచ్చే మిత్రులు తరచూ అంటుంటారు, ‘ఆ రోజుల్లో తొమ్మిది శాతం వడ్డీ వచ్చేదండీ’ అని. వచ్చిన మాట నిజమే. కానీ 2012-13లో దేశంలో వినియోగదారుల ధరలు సగటున సుమారు 10 శాతం పెరిగాయి. వంద రూపాయలు దాచుకుంటే ఏడాదికి నూట తొమ్మిది అయ్యాయి, వంద పెట్టి కొన్న సరుకులు నూట పదికి చేరాయి. పన్ను కట్టకముందే రూపాయి వెనకబడ్డాం. తొమ్మిది శాతం చూసి బాగుందనీ, ఆరు శాతం చూసి బాగాలేదనీ తేల్చేయడానికి లేదు. ఆ ఏడాది ధరలు ఎంత పెరిగాయన్నది పక్కన పెట్టుకుంటేనే వడ్డీ రేటుకు అర్థం.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు. భర్త పోయాక వచ్చిన సొమ్ములో 10 లక్షలు 2020 జూన్‌లో ఐదేళ్లకు డిపాజిట్ చేశారు. అప్పట్లో పెద్ద ప్రభుత్వ బ్యాంకుల్లో ఐదేళ్ల డిపాజిట్‌కు మామూలుగా 5.4 శాతం, సీనియర్ సిటిజన్లకు 6.2 శాతం దాకా ఇచ్చేవారు. ఆవిడ నెలవారీ వడ్డీ పెట్టించుకున్నారు. నెలకు ఐదు వేల పైచిలుకు ఖాతాలో పడేది. గడువు తీరాక రసీదు నాకు చూపించి, ‘అసలు అసలుగానే ఉంది కదా బాబూ, వడ్డీతోనే గడుపుకున్నాను’ అన్నారు. రసీదు మీద 10 లక్షలు అలాగే ఉన్నాయి. ఆ మాటలోనే నష్టం దాగి ఉంది.

ఆ ఐదేళ్లలో ధరలు ఏ జూన్‌కు ఆ జూన్ చూస్తే 2021లో 6.3, 2022లో 7, 2023లో 4.9, 2024లో 5.1, 2025లో 2.1 శాతం చొప్పున పెరిగాయి. వీటిని కూడితే 25 పైచిలుకు వస్తుంది కానీ కూడకూడదు. ధరల మీద ధరలు పెరుగుతాయి కాబట్టి ఒకదానితో ఒకటి గుణించాలి. అలా చేస్తే 2020 జూన్‌లో 100 రూపాయలకు వచ్చిన సరుకులకు 2025 జూన్‌లో 128 పెట్టాలి. ఆవిడ చేతికి తిరిగొచ్చిన 10 లక్షలతో, డిపాజిట్ చేసిన నాటి లెక్కలో 7 లక్షల 81 వేలకు వచ్చే వస్తువులే వస్తాయి. ఐదేళ్లూ మారకుండా పడిన నెలవారీ ఐదు వేల చిల్లర కూడా చివరికి నాలుగు వేల చిల్లరతో సమానమైంది.

ఇది ఎలా జరిగిందో మొదటి ఏడాదిలోనే తెలిసిపోతుంది. ధరలు 6.3 శాతం పెరిగాయంటే, 10 లక్షల కొనుగోలు శక్తి అలాగే నిలవాలంటే దానికి 63 వేలు కలపాలి. ఆ ఏడాది వచ్చిన వడ్డీ మొత్తం 62 వేలు. అంటే ఆవిడ వడ్డీ అనుకుని ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ నిజానికి అసలులోంచి తీసిందే. ధరలు 7 శాతం పెరిగిన రెండో ఏడాదీ అంతే. ధరలు కాస్త నెమ్మదించిన తర్వాతి ఏళ్లలోనే వడ్డీలో కొంత భాగం నిజమైన రాబడి అయింది.

వడ్డీ తీసుకోకుండా చివరిదాకా కలుపుకుంటూ పోతే బాగుండేది కదా అనొచ్చు. ఉద్యోగంలో ఉన్న మనిషి అదే నెలలో 10 లక్షలు 5.4 శాతానికి వేశాడనుకుందాం. మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలిసి ఐదేళ్లకు 13 లక్షల 7 వేల చిల్లర అవుతుంది. అదే సరుకులు కొనడానికి కావాల్సింది 12 లక్షల 80 వేలు కాబట్టి కొద్దిగా ముందే ఉన్నాడు. కానీ అతను 20 శాతం పన్ను శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 3 లక్షల 7 వేల వడ్డీ మీద దాదాపు 64 వేలు పన్ను పోతుంది. మిగిలేది 12 లక్షల 43 వేలు. ఐదేళ్లు ఎదురుచూసి, పన్ను సక్రమంగా కట్టి, మొదలుపెట్టిన చోటికంటే వెనక్కి వెళ్లాడు. పన్ను శాఖ నిజమైన రాబడి ఎంతని చూడదు, రూపాయల్లో వచ్చిన వడ్డీ అంతటినీ ఆదాయంగానే లెక్కగడుతుంది.

కాబట్టి డిపాజిట్ వేసేముందు లెక్క ఇలా చూసుకోవాలి. ఇచ్చే వడ్డీలోంచి ముందు మన శ్లాబు ప్రకారం పన్ను తీసేయాలి, మిగిలినదాంట్లోంచి ధరల పెరుగుదల తీసేయాలి. 7 శాతం వడ్డీ, సెస్సుతో 20.8 శాతం పన్ను అయితే చేతికి మిగిలేది 5.5 శాతం. ధరలు 4 శాతం పెరిగితే నిజ రాబడి ఒకటిన్నర శాతం. 6 శాతం పెరిగితే సున్నాకు దిగువన. పన్ను పడని ఆదాయం ఉన్నవారికి అదే 7 శాతం మీద మూడు శాతం దగ్గరగా మిగులుతుంది. ఇక్కడ చాలామంది టీడీఎస్‌ను పన్నుగా లెక్కేసుకుంటారు. అది ముందస్తు కోత మాత్రమే. మీకు పన్నే లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, దాన్ని రాబడిలోంచి తీసేయనక్కర్లేదు.

ధరల పెరుగుదల ఏ అంకె తీసుకోవాలన్నది కాస్త చిక్కు. పేపర్లో నిన్న వచ్చిన అంకె తీసుకుంటే మోసపోతాం. 2025 అక్టోబరులో వినియోగదారుల ధరల పెరుగుదల 0.25 శాతానికి పడిపోయింది. దాన్ని చూసి ఆరు శాతం పైగా నిజ రాబడి వస్తోందని లెక్కలు కట్టినవాళ్లను చూశాను. కూరగాయల ధరలు అంతకుముందు ఏడాది విపరీతంగా ఉండి ఆ ఏడాది దిగిరావడం అందుకు పెద్ద కారణం. మనం ఈ రోజు వేసే ఐదేళ్ల డిపాజిట్ పోటీ పడాల్సింది రాబోయే ఐదేళ్ల ధరలతో, గడిచిన నెలతో కాదు. రిజర్వ్ బ్యాంకుకు ప్రభుత్వం పెట్టిన లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. అందుకే 4తో ఒకసారి, 6తో ఒకసారి లెక్క చూసుకోమంటాను. 6 దగ్గర కూడా పెద్దగా నష్టం లేకపోతే నిశ్చింతగా వేయొచ్చు.

దేశం మొత్తం సగటు మన ఇంటి ఖర్చుకు సరిపోలదన్న సంగతీ మరవకూడదు. 2012 ఆధారంగా చాలా ఏళ్లు నడిచిన వినియోగదారుల ధరల సూచీలో వైద్యం వాటా 6 శాతం లోపే. షుగరు, బీపీ మందులతో నడిచే డెబ్భై ఏళ్ల దంపతుల ఇంట్లో మెడికల్ షాపు బిల్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఎంవీపీ కాలనీ రైతుబజారులో టమాటా ధర దిగివస్తే సగటు తగ్గుతుంది, వారి మందుల చీటీ మాత్రం తగ్గదు. వీలైతే మందులు, కిరాణా, గ్యాస్, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బిల్లులు ఒక కవరులో దాచి, నిరుటి బిల్లులతో పోల్చుకుంటే ఎవరి ద్రవ్యోల్బణం వారికి తెలుస్తుంది.

నెలవారీ వడ్డీ అవసరమైనవారికి ఒక దారి ఉంది. 10 లక్షలూ నెలవారీ డిపాజిట్‌లో పెట్టకుండా, 6 లక్షలు ఐదేళ్లకు వడ్డీ కలుపుకునే డిపాజిట్‌లో, 4 లక్షలు నెలవారీలో వేయాలి. 7 శాతం వడ్డీ మీద ఆ 6 లక్షలు ఐదేళ్లకు 8 లక్షల 49 వేలవుతాయి. 4 లక్షలు కలిపితే 12 లక్షల 49 వేలు. ధరలు ఏటా 4 శాతం పెరిగితే 10 లక్షల విలువ నిలబడటానికి కావాల్సింది 12 లక్షల 17 వేలే. పన్ను పడనివారికి అసలు నిజంగా నిలిచినట్టు. ఇందుకు చెల్లించాల్సిన మూల్యమూ చెప్పాలి. నెలకు చేతికొచ్చేది 5,800 కాదు, 2,300 మాత్రమే. ఆ వడ్డీ తప్ప వేరే ఆధారం లేనివారికి ఇది సాధ్యం కాదు, వారు అసలు కరుగుతోందని తెలిసే ఖర్చు పెట్టుకోవాల్సి వస్తుంది. తెలిస్తే కనీసం, ‘డబ్బు ఊరికే పడి ఉంది కదా’ అంటూ వచ్చేవారికి ఆ సొమ్ము అప్పివ్వకుండా ఆగుతారు.

ఎక్కువ వడ్డీ ఆశ చూపే ఊరూపేరూ లేని సంస్థల వైపు పరుగెత్తమని నేను అనడం లేదు. 2020 ఫిబ్రవరి నుంచి బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు 5 లక్షల దాకా బీమా ఉంది, ఆ రక్షణ విలువైనది. అయితే అది రూపాయలకే, రూపాయి కొనే శక్తికి కాదు.

ఆ శక్తికి పూచీ ఇచ్చే పథకాన్ని ప్రభుత్వం ఒకసారి తెచ్చింది. 2013 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు ద్వారా విడుదలైన పదేళ్ల ద్రవ్యోల్బణ సూచిక పొదుపు పత్రాల్లో, ధరల పెరుగుదలకు పైన 1.5 శాతం ఇస్తామన్నారు. ఆదరణ అంతంతమాత్రమే కావడంతో కొన్ని నెలలకే అమ్మకం ఆపేశారు. నా ఉద్దేశంలో ఆ ఆలోచన తప్పు కాదు, రూపం తప్పు. వడ్డీ అంతా పదేళ్ల చివర ఇస్తామంటే నెల గడవాల్సిన పెద్దవాళ్లు ఎలా కొంటారు? అదే పథకాన్ని సీనియర్ సిటిజన్లకు పరిమిత మొత్తానికి, 1.5 శాతం మూడు నెలలకోసారి చేతికిచ్చి, ధరల పెరుగుదలను మాత్రం అసలులో కలిపేలా మళ్లీ తేవాలి.

పన్ను విషయంలో మరో మనవి. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లో స్థలమో ఇప్పుడు అమ్మితే, ధరల పెరుగుదల మేరకు కొన్న ఖరీదును పెంచి చూపి, మిగిలిన లాభం మీదే పన్ను కట్టే వీలు వ్యక్తులకు ఉంది. మధురవాడలో స్థలం అమ్మేవారికి ఉన్న ఈ న్యాయం డిపాజిట్ వడ్డీతో బతికేవారికి లేదు. కనీసం అరవై దాటిన వారికైనా, ధరల పెరుగుదలకు సమానమైన వడ్డీని ఆదాయంగా లెక్కించకూడదు. మన పార్లమెంటు సభ్యులు రాబోయే బడ్జెట్‌కు ముందు ఈ విషయం ఆర్థిక శాఖ దృష్టికి తీసుకెళ్లాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
సీతమ్మధార, విశాఖపట్నం