పాత నెల వాడకం కొత్త నెల లెక్కలో పడింది: రూ.354 తిరిగి ఇప్పించగలరు

గుంటూరు,
జూలై 16.

అప్పిలేట్ అథారిటీ గారికి,

అయ్యా,

నేను మీ దగ్గర 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ ప్లాన్ వాడుతున్నాను. నెలకు 300 జీబీ వరకు పూర్తి వేగం, అది దాటితే 2 ఎంబీపీఎస్. నా బిల్లు నెల 12వ తేదీన మొదలై మరుసటి నెల 11న ముగుస్తుంది. లిమిట్ ఉన్న ప్లాన్ అని తెలిసే తీసుకున్నాను, దాని మీద నాకు పేచీ లేదు. నా వాడకాన్ని మీరు లెక్కగట్టిన తీరు మీదే ఈ ఫిర్యాదు. కస్టమర్ కేర్‌లో ఇచ్చిన ఫిర్యాదును "వాడకం సరిగానే ఉంది" అని మూసేశారు కాబట్టి మీకు రాస్తున్నాను. డాకెట్ నంబరు, బిల్లులు, మీ పోర్టల్ స్క్రీన్‌షాట్లు జతచేశాను.

జూన్ 17న సగం డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది. నెల మొదలై నిండా ఆరు రోజులు కాలేదు. కంగారుపడి ఫోన్ చేస్తే, "ఇంట్లో వీడియోలు ఎక్కువ చూస్తున్నారేమో మేడమ్, లేదంటే పక్కింటివాళ్లు మీ వైఫై వాడుతున్నారేమో, పాస్‌వర్డ్ మార్చుకోండి" అన్నారు. ఆ రాత్రే మార్చాను. పక్కింటివాళ్లను కూడా అనుమానించాల్సి వచ్చింది, ఆ మాట ఇప్పటికీ బాధగానే ఉంది. 29 రాత్రికి 300 జీబీ పూర్తయింది. మర్నాడు మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులో మాస్టారి బొమ్మ బిగుసుకుపోయింది, మాటలు ముక్కలుముక్కలుగా వినిపించాయి. పక్క గదిలో మా ఆయన ఆఫీసు మీటింగ్ కూడా అంతే. ఇంట్లో ఇద్దరు ఒకేసారి పని చేసుకోవడానికి 2 ఎంబీపీఎస్ చాలలేదు. గత్యంతరం లేక 50 జీబీ టాప్-అప్ కొన్నాను. ధర రూ.150, 18 శాతం జీఎస్టీతో రూ.177. అది జూలై 5న అయిపోతే ఇంకొకటి కొన్నాను. అదే రోజు సాయంత్రం అమ్మాయి హాస్టల్‌కు వెళ్లిపోవడంతో వాడకం తగ్గింది. రెండో ప్యాక్‌లో మిగిలిన 21 జీబీ జూలై 11 అర్ధరాత్రితో రద్దయింది.

ఆ తర్వాత కూర్చుని మీ పోర్టల్లో సెషన్ల జాబితా తెరిచి చూశాను. మోడెమ్ నెట్‌కు కలిసినప్పటి నుంచి తెగేదాకా ఒక సెషన్. అసలు సంగతి అక్కడ బయటపడింది. మా మోడెమ్ ఇన్వర్టర్ మీద ఉంటుంది, ఆగదు. జూన్ 3 ఉదయం 6కి మొదలైన సెషన్, 14 ఉదయం 6కి ముగిసింది. ఆ రోజు గాలివానకు కరెంటు పోయి, తెల్లవారేసరికి ఇన్వర్టర్ బ్యాటరీ కూడా దిగిపోయింది. ఆ పదకొండు రోజుల వాడకం 118 జీబీ. మీ లెక్కలో అదంతా సెషన్ ముగిసిన 14వ తేదీ మీద పడింది. రోజువారీ గ్రాఫ్‌లో 4 నుంచి 13 వరకు సున్నా, 14న ఒక్కసారిగా 118. ఆ రోజుల్లో మేం ఇంట్లోనే ఉన్నాం, నెట్ రోజూ వాడాం. అంటే మీ సిస్టమ్ వాడకాన్ని జరిగిన రోజున కాకుండా, సెషన్ తెగిన రోజున రాసుకుంటోంది.

ఆ సెషన్ మొత్తం 264 గంటలు. అందులో జూన్ 11 అర్ధరాత్రి వరకు, అంటే పాత బిల్లు నెలలో నడిచినవి 210 గంటలు. గంటలను బట్టి పంచితే 118 జీబీలో సుమారు 94 పాత నెలవి. పాత నెలలో మీరు చూపింది 190 జీబీ. ఈ 94 కలిపినా 284, లిమిట్ దాటలేదు. కొత్త నెలలో 300 నుంచి 94 తీసేస్తే జూన్ 29 నాటికి నేను నిజంగా వాడింది 206. ఆ తర్వాత రెండు ప్యాక్‌లలో వాడినవి 79. మొత్తం 285. అంటే ఏ నెలలోనూ నేను 300 దాటలేదు, నాకు టాప్-అప్ అవసరమే రాలేదు.

గంటల చొప్పున పంచడం నా అంచనా మాత్రమేనని ఒప్పుకుంటాను. సెషన్ నడుస్తుండగా కొంతసేపటికొకసారి వాడకం వివరాలు మీ సర్వర్‌కు చేరతాయని, వాటిని ఇంటరిమ్ రికార్డులంటారని నెట్‌వర్క్ పని తెలిసిన మా తమ్ముడు చెప్పాడు. జూన్ 11 అర్ధరాత్రికి దగ్గరగా ఉన్న రికార్డు తీస్తే అసలు అంకె తెలిసిపోతుంది. నా అంచనా కొంచెం అటూఇటూ అయినా, రెండు నెలల్లోనూ సుమారు 15 జీబీ మిగులు ఉంది కాబట్టి ఫలితం మారకపోవచ్చు.

ఆ రికార్డు చూసి నా లెక్క సరిచేయించండి. రెండు ప్యాక్‌లకు కట్టిన రూ.354 జీఎస్టీతో సహా వచ్చే బిల్లులో తగ్గించండి. మళ్లీ డేటా ఇస్తామంటే నాకొద్దు, ఈ నెల అది నాకు పనికిరాదు. నా లెక్క తప్పని తేలితే, "సరిగానే ఉంది" అని ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఆ రాత్రి 12 గంటల నాటి రీడింగ్ కాపీ పంపండి. అలాగే బిల్లు నెల మారే రాత్రి నడుస్తున్న సెషన్‌ను అక్కడికక్కడే లెక్కలో విడగొట్టే ఏర్పాటు చేయించండి. అంతవరకు నేను ప్రతి నెలా 11 రాత్రి 12 గంటలకు ముందు మోడెమ్ ఆపి, దాటాక మళ్లీ పెడుతూ ఉండాలి. నెలనెలా డబ్బు కట్టే మనిషి చేయాల్సిన పని కాదది.

ఇట్లు,
మీ వినియోగదారు