మినిట్స్‌లో సవరణ నమోదు చేయకపోవడంపై ఫిర్యాదు

పర్లాకిమిడి, గజపతి జిల్లా
5 జూన్ 2025

అధ్యక్షుల వారికి, సీఈఓ గారికి
మన జీడి రైతుల ప్రొడ్యూసర్ కంపెనీ

అయ్యా,

మార్చి 9న జరిగిన బోర్డు మీటింగ్ మినిట్స్‌ను జూన్ 1 మీటింగ్‌లో ఆమోదింపజేసిన తీరు మీద ఈ ఫిర్యాదు రాస్తున్నాను. ఆ రోజే నోటితో చెప్పాను. అది రికార్డులోకి ఎక్కేలా లేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

మార్చిలో మనం తరుగు గురించి మాట్లాడుకున్నాం. గింజల తేమ మెషీన్‌తో చూసి, పచ్చిగా ఉన్నట్టు తేలితేనే 80 కిలోల బస్తాకు 2 కిలోలు తీయాలి, అదీ ఈ ఒక్క సీజన్‌కే అని మెజారిటీతో తీర్మానం అయింది. గుమ్మ వైపు డైరెక్టర్ గారూ నేనూ దానికి కూడా ఒప్పుకోలేదు. మార్చి 20న వచ్చిన డ్రాఫ్ట్‌లో మాత్రం "బస్తాకు 2 కిలోల తరుగు ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఒక్క ముక్క ఉంది. మెషీన్ ఊసు లేదు, సీజన్ ఊసు లేదు, ఒప్పుకోని ఇద్దరి పేర్లూ లేవు. తీర్మానానికి సమ్మతించని డైరెక్టర్ల పేర్లు మినిట్స్‌లో ఉండాలని కంపెనీల చట్టం 2013, సెక్షన్ 118 చెబుతోంది. అది మర్యాదకు రాసే వివరం కాదు.

డ్రాఫ్ట్ అందిన 7 రోజుల్లో డైరెక్టర్లు తమ అభిప్రాయం రాతపూర్వకంగా పంపాలి. పంపకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. నేను మార్చి 24నే ఈమెయిల్ పెట్టాను. డ్రాఫ్ట్‌లో ఉన్న వాక్యం, దాని బదులు ఉండాల్సిన వాక్యం రెండూ ఒకదాని కింద ఒకటి రాశాను. ఆ మెయిల్‌కు జవాబు లేదు. సవరణ ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదని అయినా చెప్పాలి కదా.

జూన్ 1న ఎజెండాలో గత మినిట్స్ అంశం రాగానే "అందరూ చదివారు కదా, అభ్యంతరం లేదు కదా" అని ముందుకు వెళ్ళిపోయారు. నేను లేస్తే, "అయిపోయిన నిర్ణయాన్ని మళ్ళీ తోడొద్దు" అన్నారు. నేను నిర్ణయాన్ని తోడలేదు. తరుగు వద్దనుకుంటే కొత్త తీర్మానం పెడతాను, అది వేరే సంగతి. ఆ రోజు ఏం జరిగిందో అదే రాశారా లేదా అన్నదొక్కటే గత మినిట్స్ అంశం కింద చూడాల్సింది, నేను అడిగిందీ అదే.

మీటింగ్ అయ్యాక పుస్తకం అడిగి చూశాను. 47వ పేజీ మీద వేరే కాగితం గమ్‌తో అంటించి ఉంది. కింది మూల లేచి, అడుగున పాత టైపు కనబడుతోంది. చివరి పేజీలో అధ్యక్షుల వారి సంతకం ఉంది, తేదీ గానీ ఊరు గానీ లేవు. సంతకానికి పైన అర పేజీ ఖాళీ, దాన్ని అడ్డంగా కొట్టేయలేదు కూడా. మినిట్స్ పుస్తకంలో కాగితాలు అంటించకూడదు. ప్రతి పేజీ మీద అధ్యక్షులు పొడి సంతకం చేసి, చివరి పేజీలో పూర్తి సంతకంతో తేదీ, స్థలం వేయాలి. మీటింగ్ అయిన 30 రోజుల్లోపు, అంటే ఏప్రిల్ 8కల్లా, మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. తేదీ లేని సంతకంతో ఎప్పుడు ఎక్కిందో ఎలా తెలుస్తుంది?

దీని దెబ్బ ఇప్పటికే రైతుల మీద పడింది. సెరంగో వైపు నుంచి సవర రైతులు తెచ్చిన ఎండు గింజలకు కూడా కొనుగోలు కేంద్రంలో 2 కిలోలు కోశారు. అడిగితే గుమాస్తా ఆ వాక్యమే చూపించాడు. అతన్ని ఏమనగలం? సంతకమైన మినిట్స్‌ను, తప్పని రుజువయ్యేదాకా, నిజమనే తీసుకుంటారు.

పుస్తకంలోకి ఎక్కాక చేతిరాతతో దిద్దడం, పేజీ మార్చడం కుదరదని నాకు తెలుసు, అలా చేయమని అడగడం లేదు. వచ్చే బోర్డు మీటింగ్ ఎజెండాలో "మార్చి 9 మినిట్స్ సవరణ" అని విడిగా అంశం పెట్టండి. పాత వాక్యం, కొత్త వాక్యం చదివి వినిపించి బోర్డు ఆమోదం అడగండి. ఒప్పుకుంటే ఆ మార్పును ఆ రోజు మినిట్స్‌లోనే రాసి, అధ్యక్షుల వారు తేదీతో సంతకం చేయాలి. బోర్డు ఒప్పుకోకపోతే, నేను అడిగానని, కాదన్నారని రాయండి. 47వ పేజీని అలాగే ఉంచండి, అంటించిన కాగితం పీకవద్దు. అది ఎవరు, ఎప్పుడు అంటించారో సీఈఓ గారు రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటిదాకా ఎండు గింజలకు తరుగు ఆపమని కేంద్రానికి ఈ వారమే కబురు పంపండి.

జూన్ 20లోగా జవాబు రాకపోతే, నా మార్చి 24 ఈమెయిల్, ఈ లేఖ రెండూ జతచేసి కటక్‌లోని రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ కార్యాలయానికి పంపుతాను.

ఇట్లు,
బోర్డు డైరెక్టర్, కాశీనగర్ వైపు రైతుల తరఫున