నాలుగు ‘నిన్ను వినా’లు: సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. ప్రభుత్వ సొమ్ముతో పాత కచేరీ టేపులకు జాబితా రాయించేటప్పుడు ‘పాట పేరు’ అని ఒక్క గడి పెట్టి సరిపెట్టవద్దని మా మనవి. ఎందుకో ఒక్క ఉదాహరణ చాలు.

‘నిన్ను వినా’ అంటే నువ్వు తప్ప అని. భక్తుడు మొదలుపెట్టే మాటే అది కాబట్టి ఎన్నో కృతులు అలాగే మొదలవుతాయి. త్యాగరాజువే రెండు: తోడి రాగంలో ‘నిన్ను వినా సుఖము గాన’, నవరసకన్నడలో ‘నిన్ను వినా నామదెందు’. శ్యామశాస్త్రివి ఇంకో రెండు: రీతిగౌళలో ‘నిన్ను వినా మరి గలదా’, పూర్వీకల్యాణిలో ‘నిన్ను వినగా మరి’. జాబితాలో రెండు మాటలే రాస్తే ఏది ఏదో తేలదు. వాగ్గేయకారుడి పేరు చేర్చినా ఇద్దరికీ రెండేసి మిగులుతాయి. తాళం కూడా అన్నిసార్లూ ఆదుకోదు, త్యాగరాజు కృతులు రెండూ రూపకమే.

ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికితే చిక్కు ఇంకా ముదురుతుంది. `ninnuvina` అని కొడితే `ninnuvinaga` కూడా వచ్చి పడుతుంది. తెలుగు లిపిలో ‘వినా’, ‘వినగా’ వేరుగానే ఉంటాయి గానీ, అక్కడ ఒకరు మాటలు కలిపి, ఒకరు విడదీసి, ఇంకొకరు ‘నిను’ అని రాస్తారు. అందుకని పల్లవి పూర్తి పాదాన్ని తెలుగులో రాయించి, వెతికేటప్పుడు ఖాళీలను లెక్కలోకి తీసుకోకుండా చూడాలి. మొదటి రెండు మాటలు వదిలేసి ‘సుఖము’ అనో ‘నామదెందు’ అనో వెతికితే దాదాపు గురి తప్పదు. మోహనంలోని ‘ఎవరురా నిన్ను వినా’ లాంటివి పక్కకు పోవాలంటే, ఆ మాట పాదం మొదట్లోనే ఉన్నవి చూపే వీలుండాలి.

రాగం గట్టి గుర్తే. కానీ అది విని రాసే మనిషిని బట్టి ఉంటుంది, రీతిగౌళను ఆనందభైరవి అనుకునేవాళ్లు తక్కువేం కాదు. పైగా ఒకే కృతిని రెండు రాగాల్లో పాడటమూ ఉంది: త్యాగరాజు ‘రామ నీయెడ’ను ఖరహరప్రియలోనూ, దిలీపకంలోనూ పాడతారు. రాగాన్ని పట్టుకుని విడదీస్తే అక్కడ ఒక్క పాట రెండైపోతుంది. అందుకే సాహిత్యానికి ఒక సంఖ్య ఇచ్చి, రాగతాళాలను టేపు వివరాల్లో రాయించాలి.

అనుమానం తీరకపోతే అనుపల్లవి తొలి పాదం, చరణంలో వాగ్గేయకారుడు తన గుర్తుగా పెట్టే ముద్ర చూడాలి. శ్యామశాస్త్రి ముద్ర ‘శ్యామకృష్ణ’ వినబడితే త్యాగరాజు కృతులు రెండూ తప్పుకుంటాయి. అయితే ఆలాపన చాలాసేపు సాగిన టేపులో పాట ఎక్కడుందో వెతుక్కోవడమే పెద్ద పని. పల్లవి ఎత్తుకున్న నిమిషం, ముద్ర వినబడే నిమిషం కూడా రాయించండి. ఎలాగూ మొత్తం వినే రాస్తారు కాబట్టి దీనికి అదనపు ఖర్చు పెద్దగా ఉండదు.

ఇట్లు,
పాటల జాబితాలు రాసేవాళ్లం