నీ నిద్ర, నీ వాచీ చెప్పిన నిద్ర

పెరంబూరు, చెన్నై

చిట్టీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన నీ స్మార్ట్‌వాచీ నిద్ర లెక్కల స్క్రీన్‌షాట్లన్నీ చూశాను. డీప్ స్లీప్ 38 నిమిషాలే వచ్చిందనీ, ఆ రాత్రి మొత్తం నాలుగు గంటలే పడుకున్నట్టు చూపిస్తోందనీ, ఆదివారం రాత్రయితే అసలు కనపడటమే లేదనీ రాశావు. చివర్లో "నాకేమైనా అయిందా అమ్మా" అని అడిగావు. ఏమీ కాలేదని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు గానీ, నువ్వు అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. పైగా ఉద్యోగమంతా స్లీప్ ల్యాబ్‌లో జనం తలలకు వైర్లు అంటిస్తూ గడిపినదాన్ని. ఈ సంగతి ఫోన్లో గబగబా తేల్చేయడం నాకే ఇష్టం లేదు. తీరిక చూసుకుని చదువు.

ముందు మేం ల్యాబ్‌లో ఏం చేసేవాళ్లమో చెబుతాను. అది తెలిస్తే వాచీ చేసేదేమిటో నీకే అర్థమవుతుంది. మనిషి రాగానే టేపుతో తల కొలుస్తాం. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక గుబ్బ దాకా ఒక కొలత, చెవి నుంచి చెవికి ఇంకొకటి. ఆ లెక్కన పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, అక్కడ చర్మాన్ని రుద్ది, తెల్లటి జిగట పేస్టుతో ఎలక్ట్రోడ్లు అంటిస్తాం. కళ్ల పక్కన రెండు, గడ్డం దగ్గర మరికొన్ని. అవి మెదడు తరంగాల్నీ, కళ్ల కదలికల్నీ, గడ్డం కండరం బిగువునీ రాత్రంతా రాస్తూ ఉంటాయి. పొద్దున ఆ రికార్డును 30 సెకన్ల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్క చూసి అది నిద్రలో ఏ దశో రాయాలి. ఎనిమిది గంటల నిద్రకి 960 ముక్కలు. గాఢనిద్రలో తరంగాలు పెద్దవిగా, నెమ్మదిగా ఉంటాయి. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో మెదడు దాదాపు మేలుకున్నట్టే ఉంటుంది, కళ్లు అటూ ఇటూ తిరుగుతాయి, గడ్డం కండరం మాత్రం పూర్తిగా వదులైపోతుంది. ఇంత సరంజామా ఉండి, అనుభవమున్న ఇద్దరు ఒకే రాత్రిని విడివిడిగా చూసినా, వందలో ఎనభై ముక్కల దగ్గరే వాళ్ల మాట కలుస్తుంది. తేలిక నిద్రకీ మెలకువకీ మధ్య ఉండే తొలి దశ దగ్గరయితే మా ల్యాబ్‌లో రోజూ వాదనలే.

నీ వాచీకి తల సంగతి తెలియదు, కళ్ల సంగతి తెలియదు. దాని దగ్గర ఉన్నవి ముఖ్యంగా రెండే: చెయ్యి కదిలితే పసిగట్టే సెన్సర్, వాచీ వెనక మినుకుమినుకుమనే ఆకుపచ్చ వెలుగు. రక్తం ఆ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టు చర్మంలోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది గనక వెనక్కి వచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల నుంచి గుండె ఒకసారి కొట్టుకోవడానికీ మళ్లీ కొట్టుకోవడానికీ మధ్య ఎంత వ్యవధి ఉందో వాచీ లెక్కేస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు గుండె రవ్వంత వేగంగా, వదిలినప్పుడు రవ్వంత నెమ్మదిగా కొట్టుకుంటుంది కాబట్టి, అదే లెక్కలోంచి ఊపిరి తీరు కూడా రాబడుతుంది. అంతే. ఇంట్లో ఎవరెవరున్నారో లోపలికి వెళ్లకుండా, గుమ్మం ముందు చెప్పులు చూసి చెప్పడం లాంటి పని ఇది. చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది, అందులో వింతేమీ లేదు.

గాఢనిద్రలో గుండె వేగం నిలకడగా ఉంటుంది, ఊపిరి ఒకే లయలో నడుస్తుంది, చెయ్యి కదలదు. రెమ్‌లో కూడా చెయ్యి కదలదు గానీ, గుండె, ఊపిరి మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఈ రెంటిలో దేనికీ పొసగనిది చాలావరకు తేలిక నిద్ర ఖాతాలోకి పోతుంది. వాచీతోపాటు ల్యాబ్ వైర్లు కూడా పెట్టుకుని పడుకున్నవాళ్ల రాత్రుల్ని చూపించి ఈ ప్రోగ్రాములకు నేర్పిస్తారు. గాఢనిద్ర రాత్రి మొదటి భాగంలో ఎక్కువనీ, రెమ్ తెల్లవారుజామున ఎక్కువనీ కూడా అవి అలా నేర్చుకుంటాయి. కంపెనీ ఆ ప్రోగ్రామును మార్చిన రోజు నుంచి, నీ నిద్రలో ఏ మార్పూ లేకపోయినా నీ అంకెలు మారిపోవచ్చు.

దీని పెద్ద బలహీనత ఎక్కడుందో చూడు. నిద్రపోయిన మనిషిని నిద్రపోయినట్టు బాగానే పట్టుకుంటుంది. కదలకుండా మెలకువగా పడుకున్న మనిషిని మాత్రం పట్టుకోలేదు. ఏదో టెన్షన్‌తో కళ్లు తెరుచుకుని పడుకున్నావనుకో, చెయ్యి కదలదు, గుండె మాత్రం ఎగుడుదిగుడుగా కొట్టుకుంటుంది. వాచీకి అది రెమ్‌లా కనపడొచ్చు, తేలిక నిద్రలా కనపడొచ్చు. శనివారం నీకు తొమ్మిదిన్నర గంటలు ఎందుకు చూపించిందో ఇప్పుడు తెలిసిందా? పది గంటలకు దిండుకానుకుని సినిమా పెట్టుకున్నానన్నావు. కదలకుండా చూసిన ఆ రెండు గంటలనూ అది తేలిక నిద్ర కింద జమ కట్టేసింది. గ్రాఫు మొదట్లో గాఢనిద్ర ఒక్క చుక్క లేకుండా సాగిన ఆ పొడుగాటి పట్టీ నీ సినిమానే.

ఇక అసలు గొడవ, ఆ 38 నిమిషాల రాత్రి. నువ్వు గురువారం అన్నావు గానీ, స్క్రీన్‌షాట్ మీద శుక్రవారం తేదీ ఉంది. వాచీలు సాధారణంగా మేలుకున్న రోజు పేరు మీద రాత్రిని రాస్తాయి. ఆ రాత్రి పదకొండూ యాభైకి నిద్రపట్టింది. రెండూ నలభైకి ఆన్‌కాల్ ఫోన్ మోగింది. లేచి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ సర్వరేదో సరిచేసి, నాలుగూ పద్దెనిమిదికి మళ్లీ నిద్రలోకి జారుకుని ఎనిమిదిన్నరకి లేచావు. అంటే మొదటి ముక్క 2 గంటల 50 నిమిషాలు, రెండోది 4 గంటల 12 నిమిషాలు. కలిపితే 7 గంటల 2 నిమిషాలు. మధ్యలో గంటన్నరకు పైగా మెలకువ ఉండేసరికి వాచీ దాన్ని ఒకే నిద్ర అనుకోలేదు. రెండుగా విడగొట్టి, పెద్ద ముక్కను రాత్రి నిద్రగా మొదటి పేజీలో పెట్టి, చిన్నదాన్ని కునుకు కింద పక్కన పడేసింది. ఆ పేజీలోనే కిందికి జరిపి చూడు, అది ఎక్కడికీ పోలేదు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. గాఢనిద్ర ఎక్కువగా ఉండేది రాత్రి మొదటి భాగంలో అన్నాను కదా. నీ మొదటి మూడు గంటలు ఆ పక్కన పడేసిన ముక్కలోనే ఉన్నాయి. దానికి వాచీ దశలు కూడా వెయ్యలేదు. మూడు గంటల లోపు నిద్రయితే మొత్తం ఎంతసేపో చూపించి ఊరుకుంటాయి కొన్ని వాచీలు, దశలు చూపించవు. నీకొచ్చినట్టుగా పది నిమిషాల తేడాలో దశలు ఎగిరిపోతాయి. కాబట్టి నువ్వు చూసి కంగారు పడిన 38 నిమిషాలు తెల్లవారుజాము ముక్కలోవి మాత్రమే. ఆ వేళ గాఢనిద్ర తక్కువగా ఉండటమే మామూలు.

ఆదివారం సంగతి వేరు. ఆ రాత్రి ఇక్కణ్ణుంచి బెంగళూరు బస్సెక్కావు. బస్సు కుదుపులకి చెయ్యి కదులుతూనే ఉంటుంది. నువ్వు గాఢంగా పడుకున్నా కదలికల సెన్సర్‌కి మాత్రం మనిషి లేచి తిరుగుతున్నట్టే ఉంటుంది. అయితే అది ఒక్కటే కారణమో కాదో తెలియాలంటే ఒక తేలిక పరీక్ష ఉంది. నిద్ర పేజీ వదిలేసి, అదే రాత్రి గుండె వేగం గ్రాఫు తెరువు. గీత రాత్రంతా తెగకుండా ఉంటే వాచీ చేతికి సరిగ్గా ఉన్నట్టు, తప్పంతా కుదుపులది. గీత అక్కడక్కడ చుక్కలు చుక్కలుగా ఉంటే పట్టీ వదులు, వెలుగు చర్మానికి సరిగ్గా తగల్లేదు. ఒక సమయం దగ్గర టక్కున ఆగిపోయి మళ్లీ పొద్దున మొదలైతే బ్యాటరీ. నువ్వు పంపిన గ్రాఫులో ఒంటిగంటా పది దాకా చుక్కలు, ఆ తర్వాత పొద్దున ఏడు దాకా ఏమీ లేదు. అంటే ముందు వదులు, తర్వాత బ్యాటరీ, వీటికి తోడు బస్సు. వదులు ఎందుకో కూడా నాకు తెలుసు. పిన్ని పెట్టిన గాజులు తియ్యకుండా, వాటి పక్కనే వాచీని మణికట్టు ఎముక మీదికి నెట్టేశావు. ఎముక మీద అది ఆనదు. ఎముకకు ఒక వేలి వెడల్పంత పైన, చెయ్యి ఊపితే జరగనంత బిగువుగా పెట్టుకోవాలి. గాజుల్ని రెండో చేతికి వేసుకో.

ఒక రాత్రి కనపడకపోతే వెంటనే పోయిందనుకోకు. ఒక్కోసారి ఫోన్ బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ని నిద్రపుచ్చేస్తుంది, డేటా ఇంకా వాచీలోనే ఉంటుంది. యాప్ తెరిచి కాసేపు వాచీ పక్కన పెడితే వచ్చేస్తుంది. అలాగని వారాల తరబడి వదిలేయకు. వాచీలో వివరంగా దాచుకునేది కొన్ని రోజులదే, ఆపైన పాతవి చెరిగిపోతాయి.

దశల నిమిషాలను ఏ రోజుకారోజు చూసుకుని బెంగ పడటం నాకు నచ్చదు. ఒక్క రాత్రి 38 అయినా, 80 అయినా ఆ తేడాలో వాచీ తప్పు ఎంతో, నీ నిద్ర ఎంతో విడదీసి చెప్పడం నా వల్ల కూడా కాదు. రాత్రి ఆలస్యంగా బిర్యానీ తిన్నా, జ్వరం తగిలినా గుండె వేగం పెరుగుతుంది, వాచీ గాఢనిద్ర తగ్గించి చూపించొచ్చు. ఎప్పుడు పడుకున్నావు, ఎప్పుడు లేచావు, మొత్తం ఎన్ని గంటలు అన్న లెక్కలు మటుకు దానికి దశల కంటే బాగా వస్తాయి. రెండు మూడు వారాలవి కలిపి చూడు. నీ ఆన్‌కాల్ వారాల్లో అవి ఎంత పడిపోతున్నాయో కనపడుతుంది. నాకు అనుమానంగా ఉన్నది అదే, ఆ 38 కాదు. ఎనిమిది గంటలు పడుకున్నా పగలు మీటింగుల్లో కళ్లు మూతలు పడుతుంటేనో, నీ రూమ్మేట్ "నువ్వు గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆపేస్తున్నావు" అంటేనో మాత్రం నాకు చెప్పు. దానికి వాచీ చాలదు, వైర్లు పెట్టించుకోవాల్సిందే.

కిందటి నెల ఆన్‌కాల్ ఎప్పుడెప్పుడో రాసి పంపు, ఆ రాత్రులవి రెండు ముక్కలూ కూడి ఒక కాగితం మీద వేసి చూద్దాం. ఈసారి ఇంటికొచ్చేటప్పుడు వాచీ చార్జర్ మర్చిపోకు, నాన్న వాచీది దానికి పట్టదు.

అమ్మ