సాయంత్రం ఆకలికి మా కొట్లో ఏం కొనాలంటే

"అన్నా, బరువు తగ్గుదామని రాత్రి అన్నం మానేశా, కానీ ఐదున్నరకి ఆకలి ఆగట్లేదు. డైట్ మిక్చర్ తింటున్నా, అయినా తగ్గట్లేదు. మీ షాపులో ఏం తీసుకోమంటారు?"

పొట్టుతో వేయించిన శనగలు తీసుకోండమ్మా. పప్పు చేసిన పుట్నాలు కాదు, పొట్టు ఉన్నవే. ఆ పొట్టులోనే పీచు ఉంటుంది, పైగా బాగా నమలాలి కాబట్టి గబగబా లోపలికి పోవు. ముప్పై గ్రాములకి సుమారు 110 కేలరీలు, ఆరు గ్రాముల ప్రొటీన్.

ఆ మిక్చర్ సంగతి కూడా దాచకుండా చెప్తాను. ఆ ప్యాకెట్లు కౌంటర్ ముందు పెట్టింది నేనే, ముందువైపు "రోస్టెడ్" అని ఉంటే నమ్మాను. వెనక్కి తిప్పి చూస్తే శనగపిండి తర్వాత రెండో పేరే నూనె. ఏది బరువులో ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాస్తారు, అందుకే ఆ వరసే అసలు విషయం చెప్తుంది. వంద గ్రాములకి 520 కేలరీలు అని కూడా అక్కడే ఉంది. ఈ ప్రశ్న అడిగినావిడ రోజూ తినే గిన్నె తెప్పించి కాటా మీద పెడితే మిక్చర్ డెబ్బై గ్రాములు తూగింది, అంటే దాదాపు 360 కేలరీలు. మానేసిన అన్నం ఓ ప్లేటుడు మిక్చర్ రూపంలో తిరిగొచ్చేసినట్టే.

శనగలు ఒట్టిగా తినలేకపోతే రెండు గుప్పిళ్ళు మరమరాలు, అంటే ఇరవై గ్రాములు కలపండి, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర తరిగి నిమ్మకాయ పిండండి. గిన్నె నిండుతుంది, అంతా కలిపి సుమారు 200 కేలరీలే. మరమరాలు ఒక్కటే తింటే మాత్రం గంటకే మళ్ళీ ఆకలేస్తుంది, వాటిలో ప్రొటీన్ చాలా తక్కువ. పల్లీలు మంచివే కానీ ముప్పై గ్రాములకే 170 కేలరీలు, అందుకని పైన ఓ చెంచాడు చాలు. పక్కన గ్లాసు పలచటి మజ్జిగ.

బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు పట్టించిన పసుపు రంగు శనగలు వద్దు, ఉప్పు లేనివి అడగండి, లోపల డబ్బాలో ఉంటాయి. అలవాటు లేనివాళ్ళకి గ్యాస్ పడుతుంది, మొదటి వారం సగమే తినండి. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. నమిలితే కరకరలాడకుండా మెత్తగా సాగినా, ముక్కిన వాసన వచ్చినా వెనక్కి తెచ్చేయండి, మార్చి ఇస్తాను.

సోమవారం నుంచి ఉప్పు లేని శనగలు ముప్పై గ్రాముల పొట్లాలు కట్టి పెడుతున్నాం. పెద్ద ప్యాకెట్ ఒళ్ళో పెట్టుకుని టీవీ చూస్తే చెయ్యి ఆగదు, పొట్లం అయితే అయిపోగానే లేస్తారు. మిక్చర్ వెనక అరలోకి మార్చాను. కావాలంటే ఇస్తాను, వెనకవైపు చూపించే ఇస్తాను.